గోడ మీద 7:15 ఉండనీ, నోట్‌బుక్‌లో మాత్రం 60 రాసుకో

ప్రశ్న: నాది నర్సంపేట దగ్గర పల్లె, డిగ్రీ అయిపోయింది. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం నాలుగు నెలల సంది రోజూ పొద్దుగాల కాలేజీ గ్రౌండ్ల 1600 మీటర్లు టైమ్ పెట్టి ఉరుకుతున్న. 7 నిమిషాల 15 సెకన్లు రావాలె. నాకు 8:40 దగ్గరనే ఆగుతంది, ఒక్కోనాడు 8:55 కూడా అయితది. మొన్న మా దోస్తు రౌండ్ రౌండ్‌కు టైమ్ రాసిండు: 84, 128, 152, 156 సెకన్లు. మోకాలి కింద ముందటి ఎముక నొస్తంది. గోడ మీద 7:15 అని పెద్దగ రాసుకున్న, ఇప్పుడు దాన్ని చూస్తెనే భయమైతంది. టార్గెట్ గట్టిగ పెట్టుకుంటే అయితది అంటరు గదా అన్నా, నాకెందుకు అయితలేదు?

జవాబు: తమ్ముడూ, మీ దోస్తు రాసిన నాలుగు అంకెల్లోనే సగం జవాబు ఉంది. 7:15 అంటే 435 సెకన్లు. 400 మీటర్ల రౌండ్లు నాలుగు కాబట్టి రౌండుకు 108, 109 సెకన్లు పడతాయి. నువ్వు మొదటి రౌండ్ 84లో కొట్టావు. అదే ఊపుతో నాలుగూ తిరిగితే 5 నిమిషాల 36 సెకన్లు అవుతుంది. అంత వేగం నీకు అక్కర్లేదు, నీ ఒంట్లో ఇప్పుడు లేదు కూడా. ఆ తర్వాత జరిగింది కనిపిస్తూనే ఉంది: 128, 152, 156. చివరి రెండు రౌండ్లు పరుగు కాదు, ఈడ్చుకుంటూ రావడం.

1600 మీటర్ల పరుగుకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఊపిరితో వచ్చే ఆక్సిజన్ మీదే నడుస్తుంది. ఆ సరఫరా మొదటి సెకను నుంచే పూర్తిగా అందదు, మెల్లగా పుంజుకుంటుంది. ఈలోపు నువ్వు దాని హద్దు దాటి ఉరికితే కండరం ఆక్సిజన్ లేని దారిలో శక్తి తీసుకుంటుంది. ఆ దారిలో శక్తి తొందరగానే వస్తుంది గానీ కండరంలో ఆమ్లగుణం పెరుగుతుంది, తొడలు బరువెక్కుతాయి, దమ్ము అందదు. మొదటి రౌండులో మిగుల్చుకున్న 24 సెకన్లను మూడో రౌండు, నాలుగో రౌండు వడ్డీతో సహా వసూలు చేసుకుంటాయి. అదే 8:40ని నువ్వు రౌండుకు 130 చొప్పున సమంగా తిరిగి ఉంటే గీత దాటాక ఇంకా దమ్ము మిగిలేది. అంటే నీ అసలు బలం 8:40 కంటే మెరుగే. నీ పరుగు తీరు దాన్ని బయటికి రానివ్వడం లేదు.

ఇందులో గోడ మీది అంకె తప్పేమిటంటావా? అది ఎక్కడికి చేరాలో చెబుతుంది గానీ ఈ పొద్దున ఏం చెయ్యాలో చెప్పదు. దాన్ని చూసి గ్రౌండులో దిగినప్పుడు నీకు అందే ఆజ్ఞ ఒక్కటే, 'జోరుగా ఉరుకు'. కొత్తవాడికి జోరుగా అంటే మొదటి వంద మీటర్లలో జోరుగా అని. అందుకే 84 వచ్చింది. ఫలితం లక్ష్యం ఒక్కటే చేతిలో ఉంటే దాదాపు అందరి మొదటి రౌండూ ఇట్లాగే ఉంటుంది. అది నీ ఒక్కడి బలహీనత కాదు.

రెండో నష్టం రోజూ టైమ్ పెట్టడం వల్ల వచ్చింది. ఒకే మనిషి, ఒకే బలం, ఒకే వారంలో 1600 మీటర్లు నాలుగుసార్లు ఉరికితే టైమ్ పది, పదిహేను సెకన్లు అటూ ఇటూ ఊగుతుంది. రాత్రి నిద్ర సరిపోకపోవచ్చు, నిన్న పొలంలో మందు కొట్టి ఉండొచ్చు, ఉక్కపోత ఉండొచ్చు, ఎదురుగాలి ఉండొచ్చు. పద్ధతిగా చేసే కొత్తవాడి అసలు మెరుగుదల మాత్రం వారానికి కొన్ని సెకన్లే. ఐదు సెకన్ల మెరుగుదలను పదిహేను సెకన్ల ఊగిసలాట మింగేస్తుంది. కాబట్టి నిజంగా ఎదుగుతున్న వారంలో కూడా సగం రోజులు స్టాప్‌వాచ్ నీకు 'వెనక్కి పోయావు' అనే చెబుతుంది. నాలుగు నెలలు రోజూ ఆ మాట వింటే ఎవరికైనా గోడ చూడబుద్ధి కాదు. పత్తి చేనులో రోజూ కాయలు లెక్కపెట్టినంత మాత్రాన కలుపు పోదు కదా.

మూడోది, మొత్తం దమ్ము పెట్టి తీసిన టైమ్ పరీక్ష శిక్షణ కాదు. దాని నుంచి ఒళ్లు కోలుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. నువ్వు కోలుకునే రోజే మళ్లీ పరీక్ష పెడుతున్నావు. గుండె, ఊపిరి కొన్ని వారాల్లో అలవాటు పడతాయి, ఎముకా దాన్ని అంటుకున్న పొరా చాలా నెమ్మది. మోకాలి కింద నొప్పి వచ్చింది అందుకే.

ముందు ఆ నొప్పి సంగతి తేల్చు. పిక్క పక్కన ఎముక లోపలి అంచు వెంట వేలితో నొక్కుతూ పో. అరచేతి వెడల్పున పరుచుకుని నొప్పిగా ఉండి, వేడెక్కాక తగ్గుతుంటే అది ఎక్కువ పని వల్ల వచ్చేదే. వారం పది రోజులు పరుగు ఆపి నడిస్తే తగ్గుముఖం పడుతుంది. ఒకే చోట, వేలి కొన పట్టేంత జాగాలో చురుక్కుమంటున్నా, రాత్రి పడుకున్నా నొప్పి ఉన్నా, ఒంటి కాలి మీద గెంతితే భరించలేకపోయినా ఎముకలో సన్నని పగులు అనుమానించాలి. అప్పుడు నేను చెప్పే ప్లాన్ ఏదీ మొదలుపెట్టకుండా ఎముకల డాక్టర్‌కు చూపించుకో. సీసీ రోడ్డు మీద పరుగు ఇప్పటికి మానెయ్, మట్టి గ్రౌండే మేలు.

ఇక పని లక్ష్యం, అంటే ఈ పొద్దున ఏం చెయ్యాలో చెప్పేది. 'రోజూ గ్రౌండ్‌కు పోతా' అన్నది పని లక్ష్యం కాదు, గ్రౌండ్‌కు పోయి గంటసేపు ముచ్చట్లు పెట్టినా అది నెరవేరిపోతుంది. 'బాగా కష్టపడతా' అసలే కాదు. మంచి పని లక్ష్యానికి మూడు గుర్తులు ఉంటాయి. అది పూర్తిగా నీ చేతిలో ఉండాలి. చేసిన పది నిమిషాల్లోపే అయింది, కాలేదు అని ఒక్క మాటలో తేలిపోవాలి. దానికీ 7:15కీ మధ్య కారణం నువ్వు చెప్పగలగాలి. నీకు లోటున్నవి రెండే: సమంగా ఉరకడం, ఆక్సిజన్ సరఫరా పెంచుకోవడం. అందుకే నీకు రెండే లక్ష్యాలు పెడుతున్నాను. ఐదారు పెట్టుకుంటే ఏదీ నిలవదు.

మొదటిది మెల్లని పరుగు. వారానికి మూడు రోజులు, సోమ, శుక్ర, ఆదివారాలు అనుకో. 3 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక, ఇట్లా 7 సార్లు, మొత్తం 28 నిమిషాలు. వేగానికి కొలత స్టాప్‌వాచ్ కాదు, నోరు. పక్కన దోస్తు ఉంటే పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతుంటే ఎక్కువ వేగంలో ఉన్నట్టు. ఈ వేగం నీకు సిగ్గుగా అనిపిస్తుంది, ముసలాయన నడుచుకుంటూ దాటిపోతాడేమో అన్నట్టుంటుంది. ఉండనీ. మూడో వారం నుంచి 6 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక, 4 సార్లు. ఐదో వారం నుంచి 25 నిమిషాలు ఆగకుండా. ఆ రోజు లక్ష్యం 'ఇన్ని నిమిషాలు, మాట తెగకుండా' అని మాత్రమే. ఎంత దూరం పోయావో రాయకు, రాస్తే అదే మళ్లీ పోటీ అయి కూర్చుంటుంది.

రెండోది సగం రౌండ్లు, వారానికి ఒక్కరోజే, బుధవారం. పది నిమిషాలు మెల్లగా ఉరికి వేడెక్కాక 200 మీటర్లు 60 సెకన్లలో కొట్టాలి, 2 నిమిషాలు నడవాలి, ఇట్లా 6 సార్లు. 7:15కు కావలసింది 200కు 54 సెకన్లు, మరి 60 ఎందుకంటే నీ ఇప్పటి సగటు 65. రెండింటి మధ్య నీకు అందే మెట్టు 60. ఇక్కడ లక్ష్యం 60 కంటే తక్కువ తేవడం కాదు, ఆరూ 59కీ 61కీ మధ్య పడటం. 55 వస్తే అది కూడా తప్పినట్టే. ఈ ఒక్క నియమమే నీ 84 జబ్బుకు మందు, కాబట్టి దీన్ని సడలించకు. 100 మీటర్ల దగ్గర ఒక చెప్పో రాయో పెట్టుకుని, అక్కడ 30 సెకన్లు కనిపిస్తుందా లేదా చూసుకుంటే అంచనా తొందరగా కుదురుతుంది. ఫోన్ యాప్ చూపే దూరాన్ని చిన్న గ్రౌండ్‌లో నమ్మొద్దు, మలుపుల దగ్గర తప్పుతుంది. ఒకసారి కొలత టేపుతో 200 కొలిచి గుర్తు పెట్టుకో.

మంగళ, గురువారాలు పరుగు లేదు. మెట్టు అంచు మీద నిలబడి మడమలు పైకెత్తి మెల్లగా దించడం, 15 చొప్పున 3 సార్లు, అంతే. పిక్క గట్టిపడితే ఎముక మీద దెబ్బ తగ్గుతుంది. శనివారం పూర్తి విశ్రాంతి.

నోట్‌బుక్‌లో ఒక్కో రోజుకు ఒకే గీత చాలు: ఏం చెయ్యాలి, అయిందా కాలేదా, కాలు నొప్పి పదికి ఎంత. బుధవారం మాత్రం ఆరు అంకెలూ రాయి. రాయడం ఎంత ముఖ్యమో చదవడం అంతే. ఒక పేజీలో ఇట్లా ఉందనుకో: 60, 59, 60, 61, 60, 63, నొప్పి 2. ఐదు కుదిరాయి, ఆరోది జారింది. ఇది మంచి పేజీయే, కాకపోతే వచ్చే బుధవారం కూడా ఆరే చెయ్యాలి, ఎనిమిదికి పోవద్దు. ఇంకో పేజీలో 54, 56, 60, 63, 66, 67 ఉందనుకో. సగటు 61, అంటే మొదటి పేజీ సగటుకూ దీనికీ తేడా అర సెకనే. కానీ ఇది 84, 128, 152, 156కు చిన్న తమ్ముడు. స్టాప్‌వాచ్ మొత్తం మాత్రమే చూసేవాడికి రెండు పేజీలూ దాదాపు ఒకటే, నీకు మాత్రం కాకూడదు. ఇట్లాంటి పేజీ వచ్చిన వారం చేయవలసింది ఒక్కటే, మొదటి 200 కావాలని 61లో కొట్టడం.

ఆరూ 59, 61 మధ్య రెండు వారాలు వరుసగా పడ్డాక ఒక్కటే మార్చు. ముందు ఆరును ఎనిమిది చెయ్. అది కుదిరాక 2 నిమిషాల నడకను ఒకటిన్నర నిమిషానికి దించు. ఆ తర్వాతే 60ని 57 చెయ్, చివరికి 54. రెండు ఒకేసారి మారిస్తే ఏది బెడిసిందో తెలియదు. నొప్పి 4 దాటిన రోజు బుధవారమైనా సరే నడకే.

ఇందులో ఎక్కడ తప్పుతుందో కూడా చెబుతాను. అన్నిటికంటే ఎక్కువగా తప్పేది ఒక రోజు పోయినప్పుడు. వానలకు గ్రౌండ్ బురదవుతుంది, బతుకమ్మ, దసరా వారంలో ఇంటి నిండా చుట్టాలు ఉంటారు, పత్తి ఏరే రోజుల్లో పొద్దున్నే చేనుకు పోవలసి వస్తుంది. బుధవారం పోయింది కదా అని గురువారం డబుల్ చేస్తే కాలు పోతుంది. 'ఈ వారం ఎట్లాగూ చెడిపోయింది' అని వదిలేస్తే నెల పోతుంది. అందుకే ప్రతి లక్ష్యానికీ ముందే ఒక చిన్న రూపం రాసిపెట్టుకో: పది నిమిషాల మెల్లని పరుగు, లేదా ఇంటి మెట్టు దగ్గర మడమలు ఎత్తడం. అది చేసినా ఆ రోజు అయినట్టే లెక్క. పోయిన రోజు పోయినట్టే, దాన్ని వెతుక్కోవద్దు. చిన్న రూపమే వారానికి మూడుసార్లు వస్తుంటే మాత్రం అది నీ బద్ధకం అనుకోకు, ప్లాన్ నీ రోజుకు పెద్దదైంది. నాలుగు రోజులను మూడు చేసుకో.

ఇంకో తప్పు దీనికి ఎదురు వైపుది. అన్ని రోజులకూ టిక్కులు పడుతుంటాయి, టైమ్ మాత్రం కదలదు. పని లక్ష్యాలను పొగిడేవాళ్లు ఈ సంగతి చెప్పరు. చేసే పనే తప్పయితే దాన్ని ఎంత క్రమంగా చేసినా లాభం లేదు. అందుకే ఫలితాన్ని పూర్తిగా పారెయ్యవద్దు, దాని వంతు నాలుగు వారాలకు ఒక్కసారి. ముందు రోజు పరుగు లేకుండా, అదే గ్రౌండ్, అదే సమయం, దోస్తు చేతిలో స్టాప్‌వాచ్, రౌండ్ రౌండ్‌కు టైమ్. మొదటి పరీక్షలో మొదటి రౌండ్ 120 కంటే తక్కువ రాకూడదని ముందే ఒప్పందం చేసుకో. నాలుగూ 122 చొప్పున పడితే 8:08. ఇది లెక్క మాత్రమే, హామీ కాదు, కానీ 8:40 వాడికి అందరాని అంకె కాదు. ఎనిమిది వారాలకు రెండు పరీక్షలు అయ్యాక కూడా టైమ్ కదలకపోతే రెండు చోట్ల వెతుకు. మెల్లని రోజులు నిజంగా మెల్లగా ఉన్నాయా, లేక మాట తెగే వేగంలో ఉరికి ప్రతిసారీ అలసిపోతున్నావా? కొత్తవాళ్లలో ఎక్కువగా దొరికే తప్పు ఇదే. అది కాకపోతే పరీక్షలో రౌండ్ల మధ్య తేడా చూడు, 10 సెకన్లు దాటితే లోటు బలంలో కాదు, సమంగా ఉరకడంలో ఉన్నట్టు.

'టార్గెట్ గట్టిగ పెట్టుకుంటే అయితది' అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, వేళ తప్పిన మాట. 1997లో అమెరికాలో అనస్తాసియా కిట్సంటాస్, బారీ జిమ్మర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు డార్ట్ విసరడం కొత్తగా నేర్చుకుంటున్న హైస్కూల్ అమ్మాయిల మీద దీన్నే పరీక్షించారు. కొందరికి ఎక్కువ స్కోర్ తెచ్చుకోమని చెప్పారు, కొందరికి విసిరే తీరులోని మెట్లను సరిగ్గా చేయమన్నారు. తీరు మీద దృష్టి పెట్టినవాళ్లు స్కోర్ మీద పెట్టినవాళ్లను మించిపోయారు. అందరికంటే బాగా విసిరింది మాత్రం మూడో జట్టు. వాళ్లు ముందు తీరు మీద పని చేసి, అది చేతికి అలవాటయ్యాక స్కోర్ వైపు మళ్లారు. నేర్చుకుంటున్న దశలో మనసుకు చేతి పనే సరిపోతుంది, అంకె కూడా మోయమంటే రెండూ చెడతాయి. చెయ్యి దానంతటదే కదిలే దశకు వచ్చాక అంకె బరువు అనిపించదు, దారి చూపుతుంది.

నీ లెక్కలో ఆ దశ ఎప్పుడొచ్చినట్టంటే, ఎనిమిది సగం రౌండ్లు ఒకటిన్నర నిమిషం నడకతో 54కు ఒక సెకను అటూ ఇటూ పడి, 100 దగ్గర చూసుకోకుండానే నువ్వు టైమ్ ఊహించగలిగినప్పుడు. ఎన్ని వారాలు పడుతుందో ముందే చెప్పలేం, ఒళ్లును బట్టి ఉంటుంది. అక్కడికి వచ్చాక, ఈవెంట్స్‌కు మూడు నాలుగు వారాలుందనగా, గోడ మీది 7:15 వైపు మళ్లు. బుధవారం సగం రౌండ్ల బదులు పూర్తి రౌండ్లు, 108 చొప్పున మూడు, మధ్యలో 3 నిమిషాల నడక. ఆఖరి వారం తగ్గించెయ్. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లకు 7:15, ఆడవాళ్లకు 800 మీటర్లకు 5:20 ఉండేది. కొత్త నోటిఫికేషన్ వచ్చిన రోజే ఆ పేరా చదివి, అంకె మారితే రౌండు లెక్క మళ్లీ వేసుకో.

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది, వీలుంటే రెండు మూడుసార్లు అక్కడ ఉరికి చూడు. 2021 సెప్టెంబర్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి, హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4:05.39లో ముగించి మహిళల జాతీయ రికార్డు కొట్టింది. అంటే ఆమెకు రౌండుకు 65, 66 సెకన్లు. నీ 84 ఆమెకన్నా 20 సెకన్లు కూడా వెనక కాదు. జాతీయ స్థాయి రన్నర్‌తో కాసేపు పోటీ పడి, ఆ తర్వాత మూడు రౌండ్లు అప్పు తీర్చావన్నమాట.

ఈవెంట్స్ రోజు విజిల్ పడగానే గుంపు గుంపంతా 84 వాళ్లే అయి ఉంటుంది. నువ్వు వెనక పడతావు, పడనీ. మొదటి రౌండ్ 106, 110 మధ్య. రెండో రౌండ్ నుంచి వాళ్లు నీ వైపు వస్తుంటారు. దాటేటప్పుడు మలుపులో బయటి నుంచి పోకు, నేరు దారిలో దాటు. లోపలి గీతకు ఒక్క మీటర్ బయటగా రౌండంతా తిరిగితే రౌండుకు ఆరు మీటర్లకు పైగా ఎక్కువవుతుంది. నాలుగు రౌండ్లకు 25 మీటర్లు, నీ వేగానికి అది దగ్గర దగ్గర 7 సెకన్లు.